దారిలో పోయిన 50 పెట్టెలు, అమ్ముడుపోని 150: కన్‌సైన్‌మెంట్ లాభంలో తేడా ఎక్కడ?

శ్రావణి:
ఈ లెక్కలో కన్‌సైన్‌మెంట్ లాభం 31,320 రావాలి. నాకు 29,520 వస్తోంది. ఎన్నిసార్లు కూడినా అదే అంకె కాబట్టి తప్పు కూడికలో లేదు, పద్ధతిలోనే ఉంది.

సరుకు యజమాని అయిన కన్‌సైనర్ 200 చొప్పున కొన్న 1,000 పెట్టెలు అమ్మిపెట్టమని పంపాడు. రవాణా, దారి బీమా కలిపి 10,000 ఖర్చు పెట్టాడు. దారిలో మంటలంటుకుని 50 పెట్టెలు కాలిపోయాయి. వాటికి 8,000 ఇవ్వడానికి బీమా సంస్థ ఒప్పుకుంది. 950 పెట్టెలు అందుకుని యజమాని తరఫున అమ్మే కన్‌సైనీ దింపుడు కూలికి, గోదాము దాకా బాడుగకు 4,750, గోదాము అద్దెకు 3,000, ప్రకటనలకు 2,000 ఖర్చు చేశాడు. 280 చొప్పున 800 పెట్టెలు అమ్మాడు. అరువుకు కొన్న ఒకరి నుంచి 3,000 వసూలు కాలేదు. అమ్మకాలపై సాధారణ కమీషన్ 5 శాతం, అరువు వసూలు పూచీకి ఇచ్చే డెల్ క్రెడరీ కమీషన్ 2 శాతం.

ఖర్చులన్నీ కలిపి 2,19,750ని 1,000తో భాగిస్తే పెట్టెకు 219.75 వచ్చింది. కాలిన 50కీ, మిగిలిన 150కీ అదే ధర కట్టాను. రాని 3,000ను కన్‌సైన్‌మెంట్ ఖాతాకు డెబిట్ చేశాను.

భాస్కర్:
అద్దె, ప్రకటనలు సరుకు విలువలో కలపకూడదండీ. అవి సరుకును గోదాముకు చేర్చడానికి పెట్టినవి కావు, చేరిన తరువాత నిల్వ ఉంచడానికి, అమ్మడానికి పెట్టినవి. అవి తీసేస్తే 2,14,750. దాన్ని 1,000తో భాగిస్తే 214.75, మిగిలిన 150కి 32,212.50. ఇక కాలిన పెట్టెల అసాధారణ నష్టం విషయానికొస్తే, బీమా 8,000 వస్తున్నప్పుడు కన్‌సైన్‌మెంట్ ఖాతాలో బీమా పోను మిగిలే నష్టాన్ని మాత్రమే క్రెడిట్ చేయాలి కదా?

నాగేశ్వరరావు:
1,000తో భాగించడమే తప్పు అనిపిస్తోంది. మేము ద్రావకాలు డ్రమ్ముల్లో పంపుతాం, కొంత ఆవిరైపోతుంది. ఆ నష్టానికి ఏ ఖాతాలోనూ నమోదు రాయం, మొత్తం ఖర్చును మిగిలిన పరిమాణంతో భాగిస్తాం. ఇక్కడా 2,14,750ని 950తో భాగించండి, పెట్టెకు సుమారు 226 వస్తుంది.

పద్మజ:
శ్రావణి గారూ, మంటలు ఎప్పుడు అంటుకున్నాయో ముందు చూడండి. ఈ లెక్కకు తాళంచెవి అదే.

పెట్టెలు దారిలోనే కాలిపోయాయి. అప్పటికి వాటి మీద పడిన ఖర్చు కొన్న ధర, కన్‌సైనర్ పెట్టిన 10,000లో వాటి వంతు, అంతే. దింపుడు కూలి ఆ 50 పెట్టెలకు ఎవరూ ఇవ్వలేదు, అవి దిగనే లేదు కదా. కాబట్టి 10,000ను 1,000 పెట్టెలకు పంచి, కొన్న ధర 200కి కలిపితే పెట్టెకు 210. అసాధారణ నష్టం 50 × 210 = 10,500.

4,750 మాత్రం చేరిన 950 పెట్టెల మీదే పడింది, పెట్టెకు 5. అందుకే మిగిలిన సరుకు పెట్టెకు 215, మొత్తం 150 × 215 = 32,250. భాస్కర్ గారు అద్దె, ప్రకటనలు తీసేయమనడం సరైనదే. కానీ 4,750ని 1,000తో భాగించడంతో కాలిపోయిన పెట్టెలకూ కూలి పంచినట్టయింది. 37.50 తేడా చిన్నదే, పరీక్షలో మార్కులు పోయేది మాత్రం సరిగ్గా అక్కడే. ఒకవేళ 1,000 పెట్టెలూ చేరి, గోదాములో ఉండగా 50 కాలిపోయి ఉంటే అప్పుడు ఆయన 214.75 సరిపోయేది, నష్టానికీ మిగిలిన సరుకుకూ కూడా.

బీమా సంగతి వేరు. కన్‌సైన్‌మెంట్ ఖాతాకు 10,500 మొత్తం క్రెడిట్ కావాలి. అసాధారణ నష్టం ఖాతాలో బీమా సంస్థ నుంచి రావలసిన 8,000 పోను మిగిలే 2,500 లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. 2,500 మాత్రమే క్రెడిట్ చేస్తే మిగతా 8,000 విలువైన సరుకు, అమ్ముడుపోయిన పెట్టెల ఖర్చులో కలిసిపోతుంది. అప్పుడు అమ్మకం బాగా జరిగినా లాభం తక్కువగా కనిపిస్తుంది.

శ్రావణి:
ఇప్పుడు అర్థమైంది, థాంక్స్ అండీ. మరి రాని 3,000?

పద్మజ:
డెల్ క్రెడరీ కమీషన్ తీసుకున్నాడంటే అరువు వసూలు బాధ్యత కన్‌సైనీదే. రాని 3,000 ఆయన పుస్తకాల్లో నష్టం, కన్‌సైనర్ పుస్తకాల్లో దాని ఊసే ఉండదు. 2,24,000 అమ్మకాలపై 7 శాతం లెక్కన కమీషన్ 15,680. ఖర్చులు 9,750, కమీషన్ మినహాయించుకుని కన్‌సైనీ 1,98,570 పంపాల్సిందే, 3,000 తగ్గించడానికి లేదు.

సరిచూసుకోవడానికి ఒక దారి చెబుతాను. అమ్మిన 800 పెట్టెల ఖర్చు 215 చొప్పున 1,72,000. దానికి అద్దె, ప్రకటనలు 5,000, కమీషన్ 15,680 కలిపితే 1,92,680. అమ్మకాల్లోంచి తీసేస్తే 31,320. ఖాతా వేసి తెచ్చిన లాభం దీనితో కలవకపోతే సరుకు విలువలోనో, నష్టంలోనో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. మీకు వచ్చిన 1,800 తేడా కూడా ఇలాగే విడిపోతుంది. 3,000 అనవసరంగా తగ్గించారు, సరుకులో 712.50, నష్టంలో 487.50 ఎక్కువ కట్టారు.

భాస్కర్:
డెల్ క్రెడరీ అరువు అమ్మకాలపైనే కదా ఇవ్వాలి? నగదు అమ్మకంలో వసూలు భయమే లేదు.

పద్మజ:
మీ వాదనలో న్యాయం ఉంది, ఒప్పందంలో అలా రాసుకుంటే అలాగే. ఏమీ రాసుకోకపోతే మొత్తం అమ్మకాలపై లెక్కించడమే వాడుక. ఈ లెక్కలోనూ 'అమ్మకాలపై' అనే ఇచ్చారు.

నాగేశ్వరరావు:
మరి నేను చెప్పిన 226?

పద్మజ:
మీ ద్రావకానికి ఆ పద్ధతి సరైనదే. ఆవిరి కావడం ఆ సరుకు స్వభావం, తప్పించలేం. అందుకే ఆ ఖర్చును మిగిలిన సరుకే మోయాలి. మంటలు స్వభావం కాదు. 226 వేస్తే మిగిలిన 150 పెట్టెల విలువ 33,900 దాటుతుంది. కాలిపోయిన వాటి ఖర్చులో కొంత గోదాములో ఆస్తిగా కూర్చుంటుంది.

రెండు నష్టాలూ ఒకే లెక్కలో వస్తే ముందు అసాధారణ నష్టాన్ని తీసేయాలి. ఇదే లెక్కలో గోదాములో మరో 20 సహజంగా తరిగిపోయాయనుకోండి. 2,14,750లోంచి 10,500 తీసేస్తే 2,04,250. దాన్ని 930తో భాగిస్తే పెట్టెకు 219.62.

శ్రావణి:
ఇంకొక్క సందేహం. మిగిలిన 150 పెట్టెలపైనా రేపు కమీషన్ ఇవ్వాలి. దాన్ని 215లో కలపనక్కరలేదా?

పద్మజ:
కలపకూడదు, అమ్మకం జరిగితేనే కమీషన్. అయితే ధర పడిపోయినప్పుడు అది మరో దారిలో వస్తుంది. సరుకును ఖర్చుకు గానీ, అమ్మితే చేతికొచ్చే నికర మొత్తానికి గానీ, ఏది తక్కువైతే దానికి చూపాలి. రేపు 225కే అమ్ముడుపోతాయని తెలిస్తే చాలామంది 215 కన్నా ఎక్కువే కదా అని ఆగిపోతారు. 7 శాతం కమీషన్ 15.75 పోతే మిగిలేది 209.25. అప్పుడు సరుకు విలువ 31,387.50 అవుతుంది.

నాగేశ్వరరావు:
మాకు ఇంకో చిక్కుంది. డ్రమ్ము మూత వదులై మామూలు కన్నా ఎక్కువ తగ్గినప్పుడు ఎంతవరకు స్వభావం, ఎక్కడి నుంచి ప్రమాదం?

పద్మజ:
పాత సరఫరాల్లో ఎంత తరిగిందో రికార్డులు ఉంటే ఆ స్థాయి దాకా సాధారణం, పైది అసాధారణం అని విడదీయవచ్చు. కొత్త సరుకైతే కన్‌సైనీ ఒక మాట, మీరు ఒక మాట అంటారు. దానికి సూత్రమేమీ లేదు.

భాస్కర్:
మూత వదులైనది దారిలోనా, గోదాములోనా అన్నది కూడా తేలాలి. దింపుడు కూలి వంతు పడుతుందో లేదో దాన్నిబట్టే కదా.

నాగేశ్వరరావు:
దింపేటప్పుడు తూకం వేయడం లేదండీ. అమ్మేటప్పుడే వేస్తున్నాం.