డెలివరీ ప్రాంతం: మ్యాప్ మీద వృత్తమా, కాలనీల జాబితానా?

తోటదారి: మా కూరగాయలు దగ్గరి ఇళ్లకు నేరుగా అమ్మేందుకు సైట్ చేయిస్తున్నాను. ఆర్డర్ ఫారంలో డెలివరీ ప్రాంతం ఎలా పెట్టాలి? పొలం చుట్టూ 10 కిలోమీటర్ల వృత్తం గీస్తే చాలా, లేక కాలనీల పేర్లు ఇవ్వాలా?

కోడ్‌కట్ట: వృత్తమే పెట్టండి. కొనేవాళ్లు లొకేషన్ ఇస్తారు, దూరం సైటే లెక్కేస్తుంది, బయట ఉంటే ఆర్డర్ ఆగిపోతుంది. కాలనీల జాబితా అంటే కొత్త వీధి వచ్చినప్పుడల్లా మార్చాలి. ఎవరు మారుస్తారు?

ఇరుసు: ఆ దూరం మ్యాప్ మీద గీత పొడవు, బండి తిరిగే దూరం కాదు. మధ్యలో ఏరు ఉండి వంతెన ఎక్కడో ఉంటే, వృత్తంలో 6 కిలోమీటర్లున్న ఇంటికి రోడ్డు మీద 15 అవుతుంది. ఆర్డర్ మాత్రం దర్జాగా వచ్చి కూర్చుంటుంది.

పొద్దుతిరుగుడు: పిన్‌కోడ్ అడిగితే పోదా? అందరికీ నోటికొస్తుంది.

ఇరుసు: జాబితా మొదలుపెట్టడానికి పనికొస్తుంది. అయితే అది పోస్టాఫీసు సౌకర్యం కోసం విడదీసిన ప్రాంతం. ఒకే పిన్‌కోడ్‌లో మీ దారిలో ఉన్న కాలనీ, ఆ కొసన ఉన్న ఊరు రెండూ ఉండొచ్చు.

కోడ్‌కట్ట: వృత్తం వద్దంటే రోడ్డు దూరం లెక్కించే మ్యాప్ సేవలున్నాయి. అది పెట్టించండి, గొడవే లేదు.

ఇరుసు: అలా పెడితే పొలం నుంచి ఇంటికి ఎంత దూరమో మాత్రమే తెలుస్తుంది. నాకు కావలసింది ముందు ఇంటి నుంచి ఈ ఇంటికి ఎంత అన్నది. లెక్క చూడండి. ఒకే రోడ్డు మీద 12 ఇళ్లు, ఇంటికి 5 నిమిషాలు అనుకుంటే గంటలో పని ముగుస్తుంది. పదమూడో ఇల్లు దారి తప్పి 4 కిలోమీటర్లు లోపలికి ఉందనుకోండి. వెళ్లి రావడం 8 కిలోమీటర్లు, గల్లీల్లో గంటకు 20 వేగంతో 24 నిమిషాలు. ఆ ఒక్క కట్ట కోసం దాదాపు ఐదిళ్ల టైమ్ పోయింది, వెనక సంచుల్లో ఆకుకూర వడలిపోతుంది. పొలం నుంచి కొలిస్తే ఆ ఇల్లు దగ్గరే!

చేతిసంచి: డెలివరీ చార్జీ తీసుకోకండి సార్. కిలో అని తెచ్చి 900 గ్రాములిచ్చి పైన చార్జీ వేసినవాళ్లను చూశాను.

తోటదారి: తూకం సంగతి వేరేగా అడుగుతానండి, ఇప్పుడు ప్రాంతం గురించే.

కోడ్‌కట్ట: ఇరుసు గారూ, మీ జాబితా న్యాయం నాకు తెలుసు. మా అమ్మ ఉండే వీధి ఒకరి జాబితాలో లేదు. పక్క వీధి ఉంది! ఎన్నిసార్లు నింపినా ‘మీ ప్రాంతం లేదు’ అనే వచ్చేది. ఫోన్ చేస్తే ఎత్తరు. కొలత పెట్టండి, అందరికీ ఒకటే నియమం ఉంటుంది. జాబితా అంటే ఇష్టమొచ్చిన చోట గేటు వేసుకోవడమే.

ఇరుసు: అవును, గేటే. వేసుకోకపోతే రైతు డ్రైవర్‌గా మిగులుతాడు. మీరడిగేది కొనేవాళ్లు ఎక్కడుంటే అక్కడికి బండి వెళ్లాలని. నేననేది బండి దారి ముందు ఖాయం కావాలని, ఆ దారి మీద ఉన్నవాళ్లే కొంటారని. మనకు తేడా ఇక్కడే, మ్యాప్ దగ్గర కాదు.

కోడ్‌కట్ట: సరే, దారి మీదే. మరి పక్క వీధి వాళ్లు అడిగిన సంగతి మీకు ఎప్పటికి తెలుస్తుంది?

ఇరుసు: అది మాత్రం న్యాయమైన ప్రశ్న. జాబితాలోనే ఒక వరుస పెట్టాలి:

```html
<select name="area" required>
  <option value="">ప్రాంతం ఎంచుకోండి</option>
  <option value="a1">చెరువు రోడ్డు – మంగళ</option>
  <option value="a2">స్టేషన్ వైపు – శుక్ర</option>
  <option value="none">మా ప్రాంతం లేదు</option>
</select>
```

చివరిది ఎంచుకుంటే కూరగాయల పట్టిక కనబడకూడదు. వీధి పేరు, ఫోన్ నంబర్ మాత్రం అడగాలి. ఒకే వీధి నుంచి ఏడెనిమిది ఇళ్లు చేరితే ఆ వైపు కొత్త రోజు తెరవొచ్చు. ఒక్కరే అడిగితే ‘ఇంకా లేదు’ అని ఫోన్ చేసి చెప్పాలి.

కోడ్‌కట్ట: ప్రాంతం, ఆ రోజు ఆర్డర్ల గడువు రెండూ ఆర్డర్ సేవ్ అయ్యేటప్పుడు సర్వర్‌లో మళ్లీ చూడాలి. ఆదివారం తెరిచిన పేజీని కొందరు మంగళవారం ఉదయం పంపుతారు, అందులో పాత రోజే ఉంటుంది. ఆ తనిఖీ లేకపోతే బండి బయలుదేరాక ఆర్డర్ పడుతుంది. జాబితా మీద మాత్రం నా మాట మారలేదు.

తోటదారి: ముందు రెండు రోడ్లతో జాబితా పెట్టిస్తాను. ఏడెనిమిది ఇళ్లంటే నాకు ఎక్కువే, నాలుగైతే తెరవొచ్చా?

ఇరుసు: ఆ నాలుగూ పక్కపక్కనే ఉంటే తెరవండి. చెల్లాచెదురుగా ఉంటే ఎనిమిదైనా వద్దు.

కోడ్‌కట్ట: చూశారా, మళ్లీ దూరం దగ్గరికే వచ్చారు.