సర్వోకి ‘వణుకు’, ‘అదురు’ ఒకటేనా?

పాఠం రాస్తున్నవారు: తొమ్మిదో తరగతికి రోబో చెయ్యి పాఠం రాస్తున్నాను. ఎస్‌జీ90 సర్వో మోటారు, ఆర్డుయినో ఊనో బోర్డు. కరెంటు ఇవ్వగానే చెయ్యి ఒక్కసారి ఎగిరిపడుతుంది. కుదురుకున్నాక కూడా సన్నగా ఆడుతూనే ఉంటుంది. రెంటికీ ‘కంపనం’ అని రాసేయనా?

తెలుగు మాస్టారు: వద్దండీ. ఆగకుండా ఉండేది వణుకు. ఉన్నట్టుండి వచ్చి పోయేది అదురు. కన్ను అదిరిందంటాం గానీ వణికిందనం కదా.

మరో సభ్యుడు: మా ఇంట్లో సర్వో స్టెబిలైజర్ కూడా ఆన్ చేయగానే గర్రుమంటుంది. అదీ అదురేనా?

ల్యాబ్ సార్: అది వేరే సరుకండీ, ఇక్కడ మాట చిన్న మోటారు గురించి. మాస్టారు చేసిన తేడా మాత్రం భలే పనికొస్తుంది, ఎందుకంటే రెంటి మూలాలూ వేరు. మీ చెయ్యి 30 డిగ్రీల దగ్గర ఆగి ఉందనుకోండి. ఏ కోణమూ చెప్పకుండా attach() పిలిస్తే సర్వో లైబ్రరీ 1500 మైక్రోసెకన్ల పల్స్ పంపుతుంది. అంటే దాదాపు 90 డిగ్రీలు. చెయ్యి అక్కడికి ఎగిరి, మీ ఆదేశం అందాక వెనక్కి వస్తుంది. అందుకని కోణం ముందు చెప్పాలి:

```
arm.write(30);
arm.attach(9);
```

ఇక ప్రోగ్రాం మొదలయ్యేదాకా ఆ పిన్ గాలిలో ఉన్నట్టే, సర్వో దారినపోయే నాయిస్‌ని సిగ్నల్ అనుకోవచ్చు. సిగ్నల్ తీగకీ గ్రౌండ్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి.

అభిరుచిగల సభ్యుడు: ఇంత ఎందుకు సార్, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే అన్నీ పోతాయి.

ల్యాబ్ సార్: సగం నిజం. సర్వో పక్కనే పెడితే క్షణంపాటు పడే వోల్టేజీని ఆదుకుంటుంది. ప్లస్, మైనస్ తిప్పి పెడితే పేలవచ్చు, పిల్లలకి అది ముందే చెప్పండి. కానీ సప్లైకే శక్తి చాలకపోతే కెపాసిటర్ ఎంతసేపని మోస్తుంది? బరువుకి ఇరుక్కున్న ఎస్‌జీ90 అర ఆంపియర్ దాటి లాగుతుంది, ఊనోలో యూఎస్‌బీ ఫ్యూజేమో 500 మిల్లీఆంపియర్లది. వోల్టేజీ పడి బోర్డు రీసెట్ అవుతుంది, మళ్ళీ మొదలై మళ్ళీ ఎగిరిపడుతుంది. బోర్డు మీది ఎల్ఈడీ ప్రతి ఎగురుకీ మసకబారితే అదే జబ్బు. మీటరు చూసి మోసపోకండి, క్షణంలో వచ్చిపోయే పతనం దానికి చిక్కదు. సర్వోకి విడిగా 5 వోల్టులు, 2 ఆంపియర్ల సప్లై ఇచ్చి, దాని గ్రౌండ్‌ని బోర్డు గ్రౌండ్‌కి కలపండి. అది కలపకపోతే సిగ్నల్‌కి ఆధారం ఉండదు, వణుకు ఇంకా పెరుగుతుంది.

పాఠం రాస్తున్నవారు: ఇవన్నీ చేశాక కూడా స్విచ్ వేయగానే కొంచెం కదిలితే?

ల్యాబ్ సార్: సిగ్నల్ తీగ బోర్డు నుంచి ఊడదీసి గ్రౌండ్‌కి కట్టి, కరెంటు మాత్రం ఇచ్చి చూడండి. అప్పుడూ కదిలితే అది సర్వో లోపలి సర్క్యూట్ మేలుకునేటప్పటి కదలిక, కోడ్‌తో దాన్ని ఆపడం కుదరదు.

తెలుగు మాస్టారు: ఆ చివరిదాన్ని ‘ఉలుకు’ అంటే?

పాఠం రాస్తున్నవారు: పిల్లలకి మూడు మాటలు ఎక్కువేమో సార్. అదురు కిందే పెడతాను.

తెలుగు మాస్టారు: నాకు ఉలుకే నచ్చింది.