అతిథులకు బీర్: అన్నీ ఒకే చల్లదనంలో ఇవ్వొచ్చా?

కొత్తసంసారం:
శనివారం రాత్రి ఆరుగురు వస్తున్నారు. మూడు రకాలు తెచ్చాను. లాగర్ 330 మి.లీ., 4.8 శాతం. వీట్ బీర్ 500 మి.లీ., 5.4 శాతం. స్టౌట్ 330 మి.లీ., 8 శాతం. అన్నీ ఫ్రిజ్‌లో పడేసి వీలైనంత చల్లగా ఇవ్వమని మా బావ అంటాడు. స్టౌట్‌ని అలా ఇస్తే పాడు చేసినట్టేనని ఫ్రెండ్ అంటాడు. ఎవరి మాట వినాలి?

చల్లచల్లగా:
మీ బావ మాటే వినండి. బీర్ అంటేనే చల్లదనం, చల్లగా లేకపోతే మూత తీయగానే నురగంతా బల్ల మీదకి పొంగుతుంది, తాగినా నోట్లో బరువుగా అనిపిస్తుంది. గ్లాసులు కూడా ముందే ఫ్రీజర్‌లో పెట్టేయండి, తెల్లగా మంచు పట్టిన గ్లాసు చేతిలో పెడితే వచ్చినవాళ్లు అక్కడే ఫ్లాట్. స్టౌట్ మాత్రం నల్లగా ఉంటుంది కాబట్టి స్ట్రాంగ్, దాన్ని చివర్లో తలా కొంచెం పోయండి చాలు.

పాతకాపు:
నురగ విషయం కరెక్టే, చల్లటి ద్రవంలో గ్యాస్ బాగా కరిగి ఉంటుంది, వెచ్చబడితే బయటికి తన్నుకొస్తుంది. మిగతా వాటితో పేచీ ఉంది.

ముందు రంగు సంగతి. నలుపు వేయించిన ధాన్యం వల్ల వస్తుంది, ఆల్కహాల్ వల్ల కాదు. నాలుగు శాతం చిల్లర ఉన్న నల్లటి స్టౌట్‌లు ఉన్నాయి, బంగారు రంగులో నీళ్లలా కనిపిస్తూ ఎనిమిది దాటేవీ ఉన్నాయి. లేబుల్ చదవాలి, అదీ శాతం ఒక్కటే కాదు, సీసా సైజు కూడా. మీవే లెక్క వేసి చూడండి. లాగర్ సీసాలో ఆల్కహాల్ సుమారు 16 మి.లీ., స్టౌట్‌లో 26 పైన, వీట్ బీర్‌లో 27. అంటే అందరూ లైట్ అనుకునే వీట్ బీర్ సీసా ఒకటి, భయపడే స్టౌట్ సీసా ఒకటి దాదాపు సమానం. వీట్ బీర్ రెండు తాగినవాడు నేను స్ట్రాంగ్ ముట్టలేదు అంటాడు చూడండి, అక్కడే తేడా కొడుతుంది.

ఇక చల్లదనం. లాగర్‌కి మీ బావ చెప్పింది సరిపోతుంది, ఫ్రిజ్‌లోంచి తీసి తీయగానే, నాలుగైదు డిగ్రీల దగ్గర పోసేయండి. వీట్ బీర్‌లో అరటిపండు, లవంగం లాంటి వాసనలు ఈస్ట్ నుంచి వస్తాయి, రెండు డిగ్రీల దగ్గర అవి పైకి లేవవు, ఆరేడు డిగ్రీలు కావాలి. స్టౌట్ పదీ పన్నెండు మధ్య. నాలుగు డిగ్రీల స్టౌట్ పల్చగా, మాడిన చేదుగా తగులుతుంది, కాఫీ, చాక్లెట్ వాసన ఉండదు. పైగా 8 శాతం బీర్‌ని గడ్డకట్టేంత చల్లగా ఇస్తే ఆల్కహాల్ ఘాటు నాలుకకి తెలియదు, దాహానికి తాగినట్టు గటగటా తాగేస్తారు. అతిథుల విషయంలో నాకు రుచి కన్నా ఇదే పెద్ద కారణం.

రాత్రిబండి:
ఫ్రీజర్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. నేను తొందరలో సీసాలు ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోయాను, తీసేసరికి ఒకటి పగిలింది, ఇంకొకటి మామూలుగానే ఉందనుకుని మూత తీస్తే కళ్ల ముందే లోపలంతా మంచు పిండిలా అయిపోయింది. నకిలీ సరుకా? ఇంకోటి, చల్లబడిన బీర్ వెచ్చబడి మళ్లీ చల్లబడితే పాడవుతుందంటారు కదా?

పాతకాపు:
నకిలీ కాదన్నా, ఫిజిక్స్. ఐదు శాతం బీర్ సున్నాకి రెండు మూడు డిగ్రీలు కింద గడ్డకడుతుంది, ఫ్రీజర్ మామూలుగా మైనస్ 18 దగ్గర ఉంటుంది. కదలకుండా ఉన్న సీసాలో గడ్డకట్టాల్సిన చలి వచ్చినా ఒక్కోసారి ద్రవంగానే ఉండిపోతుంది, మూత తీయగానే గ్యాస్ బుడగలు లేచి ఒక్కసారిగా గడ్డ మొదలవుతుంది. తొందరైతే బకెట్‌లో ఐస్, దాంతోపాటు నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాల్ని మెడ దాకా ముంచండి, పావుగంట ఇరవై నిమిషాల్లో పని అవుతుంది. ఒట్టి ఐస్ మీద పెడితే సీసాకి అక్కడక్కడే తగులుతుంది, అందుకే నీళ్లు.

ఒకసారి వెచ్చబడి మళ్లీ చల్లబడినంత మాత్రాన ఏం కాదు, రోజుల తరబడి వేడిలో ఉంటే పాతబడిన అట్ట వాసన వస్తుంది. ఘాటైన కంపు వస్తే అది వెలుతురు దెబ్బ, ఆకుపచ్చ సీసాల్నీ తెల్ల సీసాల్నీ ఎండలో పెట్టకండి.

మేడమీద:
అసలు ఇవన్నీ చూసేముందు, ఎవరు తాగుతారో ఎవరు తాగరో అడిగారా? నేను బండి నడిపి వెళ్లాల్సిన రోజు ఒకళ్లింట్లో లైట్ బీరే అంటూ చేతికిచ్చారు, సగం తాగాక లేబుల్ చూస్తే 7.5 శాతం. తర్వాత అక్కడే ఆగిపోవాల్సొచ్చింది. పోసేవాళ్లు శాతం నోటితో చెప్పి ఇవ్వాలి. ఇంకా, ఆల్కహాల్ లేని బీర్ అని రాసిన వాటిలో కొన్నింట్లో 0.5 శాతం వరకు ఉంటుంది, ఒక్క చుక్క కూడా వద్దనే వాళ్లకి 0.0 రాసిందే తీసుకోండి.

చల్లచల్లగా:
అక్కా, అది ఒప్పుకుంటా. కానీ పాతకాపు గారూ, 8 శాతం లాగర్‌ని మీరు చెప్పినట్టు పది డిగ్రీల్లో తాగి చూడండి, తియ్యగా, స్పిరిట్ వాసన కొడుతూ గొంతు దిగదు. అది చల్లగానే బాగుంటుంది. మీ లెక్క అక్కడ ఫెయిల్.

పాతకాపు:
నేను స్టౌట్ గురించి చెప్పా. స్ట్రాంగ్ లాగర్ చల్లగానే బాగుంటుందంటే, చల్లదనం దాని లోపాన్ని కప్పేస్తోందని అర్థం. వెచ్చబడితే నిలబడని బీర్‌ని నేనైతే అతిథులకి తేను. మీకు ఇష్టమైతే చల్లగానే ఇవ్వండి, చిన్న గ్లాసులో.

ఫ్రీజర్ గ్లాసు మాత్రం వద్దు. తడి గ్లాసు మీద పట్టిన మంచు కరిగి బీర్‌లో కలుస్తుంది, ఆ గరుకు మీద నురగ పిచ్చిగా లేస్తుంది. గ్లాసుని చన్నీళ్లతో కడిగి అలాగే పోయండి. పోశాక గ్లాసు లోపలి గోడకి బుడగలు అతుక్కుని కదలకపోతే జిడ్డో సబ్బో మిగిలిందన్నమాట, ఆ గ్లాసులో నురగ నిలవదు.

చల్లచల్లగా:
లోపం కాదండీ, ఆ రకమే అంత. మీకు నచ్చనిదల్లా లోపమేనా?

కొత్తసంసారం:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి :) నాకు థర్మామీటర్ లేదు. స్టౌట్‌ని ఎంతసేపు ముందు బయట పెట్టాలి?

పాతకాపు:
గది వేడిని బట్టి ఉంటుంది. పాతిక డిగ్రీల గదిలో అరగంట ముందు తీసి బల్ల మీద పెట్టండి, వీట్ బీర్ పది నిమిషాలు. అనుమానమైతే కాస్త చల్లగానే పోయండి, గ్లాసులో ఎలాగూ వెచ్చబడుతుంది, వెచ్చబడినదాన్ని వెనక్కి తేలేరు. ఎక్కువైందో లేదో వాసనే చెబుతుంది. ముక్కు దగ్గర పెట్టగానే చాక్లెట్ కన్నా స్పిరిట్ ముందొస్తే దాటిపోయినట్టే. వీట్ బీర్ పోసేటప్పుడు అడుగున రెండు వేళ్లంత ఉంచి, సీసాని మెల్లగా తిప్పి, ఆ మడ్డితో సహా పోయండి, అది ఈస్ట్, చెడింది కాదు. వద్దనే వాళ్లకి పోసేటప్పుడు మడ్డిని సీసాలోనే ఉంచేయండి.

ముందు లాగర్, చివర్లో స్టౌట్. స్టౌట్ సీసా ఒకటి ఇద్దరికి.

రాత్రిబండి:
ఆ మంచు పిండి అయిన సీసా కరిగాక తాగొచ్చా మరి? ఇంకా సింక్‌లోనే ఉంది.

మేడమీద:
పగిలినదాని గాజు ముక్కలు కూడా అదే సింక్‌లో ఉన్నాయా? ఉంటే పారబోయండి స్వామీ.

పాతకాపు:
పక్కన గాజు ముక్కలేవీ లేకపోతే తాగొచ్చు. గ్యాస్ పోయి చప్పగా ఉంటుంది అంతే.