మసాలా పూరి వేడిదే కదా, ఏడో నెలలో తినొచ్చా?

మారతహళ్ళి గుంటూరమ్మాయి
నాకు ఏడో నెల. ఆఫీసు పక్క బండిమీద మసాలా పూరి పొగలు వస్తుండగా ఇస్తాడు. పానీపూరి మానేశాను, ఇది తినొచ్చా? పొద్దున దర్శినిలో ఇడ్లీ చట్నీ సంగతేంటి? అమ్మ ఊరి నుంచి రావడానికి ఇంకా నెల ఉంది, రెండు పూటలా వండుకునే ఓపిక ఉండట్లేదు.

ఇద్దరు పిల్లల తల్లి
నేను రెండు కాన్పులకీ తొమ్మిదో నెల దాకా పానీపూరే తిన్నాను. పిల్లలిద్దరూ బాగున్నారు. కడుపుతో ఉన్నప్పుడు కోరిక చంపుకోకూడదమ్మా, తిను. అతిగా భయపడితే ఆ టెన్షనే బిడ్డకు మంచిది కాదు.

బీటీఎం నాన్న
తినొద్దండీ. 2024లో కర్ణాటక ఆహార భద్రతా విభాగం పానీపూరి నమూనాలు పరీక్షిస్తే కొన్నిటిలో కృత్రిమ రంగులు దొరికాయి. మా ఆవిడకి ఐదో నెల, బండి మొత్తం బంద్ చేశాం. పెద్ద రెస్టారెంట్లో అయితే ఆర్‌ఓ నీళ్లు వాడతారు, అక్కడ ఏదైనా తినొచ్చు.

పెద్దమ్మ
బొప్పాయి, అనాస మాత్రం ముట్టుకోవద్దు తల్లీ. జ్యూస్ షాపుల్లో కలిపి ఇస్తారు, అడిగి తాగు.

ల్యాబ్ అక్క
పెద్దమ్మా, జాగ్రత్త పచ్చి బొప్పాయితోనే, దాని పాలలో ఉండే పదార్థాల వల్ల. బాగా పండినది మామూలుగా తింటే భయం లేదు. అమ్మాయి అడిగింది వేరే విషయం.

పదమూడేళ్లుగా ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, కామెర్ల కేసుల రక్తం చూస్తూనే ఉంటాను. గుంటూరమ్మాయ్, ఆ ప్లేటు ఎలా తయారవుతుందో ఒకసారి బండి దగ్గర నిలబడి చూడు. బఠాణీ గుజ్జు పెనం మీద కుతకుతా ఉడుకుతూ ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. అతను ప్లేటును పక్కనున్న బకెట్లో ముంచి తీస్తాడు. తడి ఆరకముందే పూరీలు నలిపి గుజ్జు పోస్తాడు. తర్వాత క్యారెట్ తురుము, ఉల్లిపాయ, కొత్తిమీర, చివర్లో ఒక గరిటె పుదీనా నీళ్లు, ఒక గరిటె తీపి నీళ్లు. ఇవన్నీ గుజ్జు వేడికి గోరువెచ్చనవుతాయి, ఉడకవు. నువ్వు మానేశాననుకున్న పానీపూరి నీళ్లే ఇందులో రెండు గరిటెలు ఉన్నాయి.

ఆ నీళ్ల దగ్గర ఇంత పట్టుబట్టేది హెపటైటిస్ ఈ గురించి. మురుగు కలిసిన నీళ్లతో వచ్చే కామెర్లు. మామూలు మనుషులకు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి కాలేయం ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. ఆ దశలో జబ్బుపడిన వాళ్లలో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయిన సందర్భాలున్నాయి. 1955-56లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి వేలమందికి కామెర్లు వచ్చినప్పుడు కూడా ఎక్కువ నష్టపోయింది గర్భిణులే.

పిల్లల తల్లి గారు చెప్పింది అబద్ధం కాదు. నీళ్లు బాగున్న రోజుల్లో ఎన్ని ప్లేట్లు తిన్నా ఏమీ కాదు. ట్యాంకరులోనో పైపులోనో మురుగు కలిసిన వారం ఏదో మనకు ముందుగా తెలియదు. పైగా ఈ వైరస్ లోపలికి వెళ్లాక జబ్బు బయటపడటానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది. అప్పటికి ఏ బండి దగ్గర ఏం తిన్నామో ఎవరికి గుర్తుంటుంది?

బీటీఎం నాన్న
మరి నేను చెప్పిన రిపోర్టు?

ల్యాబ్ అక్క
అది రంగుల గురించి, అదీ పట్టించుకోవాల్సిందే. కానీ రంగు లేని నీళ్లలోనూ వైరస్ ఉండొచ్చు. పెద్ద రెస్టారెంట్ విషయంలో మీతో సగమే ఒప్పుకుంటాను. ఆర్‌ఓ మెషిన్ నుంచి వచ్చిన నీళ్లు బాగానే ఉంటాయి. వాటిని డ్రమ్ములో పట్టి, చేతిలో గ్లాసుతో ముంచి పోస్తే ఆ శుభ్రత అక్కడితో సరి. జ్యూసులో వేసే ఐసు చాలాచోట్ల బయట నుంచి వస్తుంది. గడ్డ కట్టినంత మాత్రాన వైరస్ చావదు. పెద్ద హోటలైనా చిన్న బండైనా నేను చూసేది ఒక్కటే, పొయ్యి మీద నుంచి దించాక అందులో నీళ్లు కానీ పచ్చివి కానీ కలిపారా అని.

ఇద్దరు పిల్లల తల్లి
అట్లా చూస్తే దర్శినిలో చట్నీ కూడా తినకూడదు. బెంగళూరులో బతకాలా వద్దా?

ల్యాబ్ అక్క
చట్నీ దగ్గర నాకూ సందేహమే. కొబ్బరి పచ్చిదే, రుబ్బేటప్పుడు పోసేది చల్లనీళ్లే. పైన వేసే పోపు వాసనకే కానీ చట్నీని ఉడికించదు. పది గంటలకు అయిపోవస్తుంటే ఇంకో చెంబు నీళ్లు కలిపి పలచన చేయడం కూడా చూశాను. శుభ్రంగా చేసే హోటళ్లు ఉన్నాయి, కాదనను. కానీ ఏది ఎలా చేస్తుందో కౌంటరు ఇవతల నుంచి తెలియదు. నా తమ్ముడి భార్యకు చివరి మూడు నెలలూ పొడి, నెయ్యి వేసిన ఇడ్లీ తినమన్నాను, సాంబారు పొయ్యి మీద ఉడుకుతున్నది పోయించుకోమన్నాను. వడ, దోసె, పొంగల్ వేడిగా ఉంటే నిశ్చింతగా తినొచ్చు. ఫిల్టర్ కాఫీ పాలు కాగినవే. ప్లేటు తడిగా ఉంటే టిష్యూతో తుడుచుకోవాలి, లేదా పార్సిల్ తీసుకోవాలి.

వైట్‌ఫీల్డ్ కోడలు
ఇది చదివి రాయకుండా ఉండలేకపోయాను. నాకు ఎనిమిదో నెలలో వచ్చింది. ముందు ఆకలి పోయింది, వాంతులు మొదలయ్యాయి. కడుపుతో ఉన్నాను కదా, మామూలే అనుకున్నాం. వారానికి మూత్రం ముదురు పసుపుగా, ఆవనూనె రంగులో వచ్చింది. మా అత్తగారు ఊళ్లో పసరు మందు పోయిద్దామన్నారు. నా భర్త ఒప్పుకోక అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పదకొండు రోజులు ఉన్నాను, బాబు 35 వారాలకే పుట్టాడు. ఇద్దరం బాగున్నాం. ఎక్కడ తిన్నదో, ఎక్కడ తాగిందో ఇప్పటికీ తెలియదు, అందుకే ఏ హోటలునూ తప్పు పట్టలేను.

ల్యాబ్ అక్క
మీ ఆయన సరిగ్గా చేశారమ్మా. చదివేవాళ్లకు ఒకమాట: ఏడో నెల దాటాక కొత్తగా వాంతులు, ఆకలి లేకపోవడం మొదలైతే వేవిళ్లు అనుకోకండి. కళ్లు, మూత్రం పచ్చబడే దాకా ఆగకుండా కాలేయం పరీక్ష, రక్తం గడ్డకట్టే పరీక్ష అడగండి. మాట తడబడినా, మగతగా ఉన్నా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి. పసరు మందు వద్దు, అలసిన కాలేయం మీద అది ఇంకో భారం. దీనికి నేరుగా పనిచేసే మందు లేదు, చేయగలిగిందల్లా పెద్ద ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండటం.

మారతహళ్ళి గుంటూరమ్మాయి
అక్కా, నిన్న సాయంత్రం బండి దగ్గర నిలబడి చూశాను, బకెట్ సంగతి నువ్వు చెప్పినట్టే ఉంది. నా స్టీలు డబ్బా ఇచ్చి బఠాణీ గుజ్జు ఒక్కటే అడిగాను. అతను వింతగా చూశాడు కానీ పెట్టాడు, పది రూపాయలు తగ్గించాడు కూడా. ఇంటికొచ్చి మళ్లీ బుడగలు వచ్చేదాకా మరిగించి, పొడి పూరీల మీద పోసి, నేను కడిగి తరిగిన ఉల్లిపాయ వేసుకున్నాను. ఇదివరకటి రుచి పూర్తిగా రాలేదు, పుదీనా నీళ్లు లేక. ఇంకొకటి అడగాలి. ఆఫీసు క్యాంటీన్లో మధ్యాహ్నం మజ్జిగ ఇస్తారు, అది?

బీటీఎం నాన్న
మజ్జిగ మంచిదే కదండీ, పాకెట్ పెరుగుతోనే చేస్తారు.

ల్యాబ్ అక్క
పెరుగు మీద అనుమానం లేదు, కలిపిన నీళ్ల మీదే. వంటవాళ్లని అడుగు, ఏ డ్రమ్ము నుంచి తీస్తున్నారో చూపించమను. అవి కాచి చల్లార్చిన నీళ్లేనని తేలితే తాగు. లేకపోతే చిన్న పెరుగు కప్పు కొనుక్కుని, నీ సీసాలోని కాచి చల్లార్చిన నీళ్లతో నువ్వే కలుపుకో.

ఇద్దరు పిల్లల తల్లి
నాకింకా ఇది అతి జాగ్రత్తే అనిపిస్తోంది. కానీ మా చెల్లికి ఇప్పుడు ఆరో నెల, ఆ బకెట్ మాట దానికి చెప్పాను.