పన్ను కట్టేది ఒకరు, పడేది ఇంకొకరి మీద: దీనికి తెలుగు మాటేది?

దేవుని కడప: ఒక అర్థశాస్త్ర వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘ట్యాక్స్ ఇన్సిడెన్స్’ దగ్గర ఆగిపోయాను. ‘పన్ను భారం’ అని రాస్తే పన్నులు ఎక్కువైపోయాయని గోడు చెప్పుకుంటున్నట్టుంది. ‘కరాపాతం’ అంటే పిడుగుపాటు లాగా వినిపిస్తోంది. రసీదు ఎవరి పేరున ఉన్నా, చివరికి డబ్బు ఎవరి జేబులోంచి పోయిందన్నది ఇక్కడి విషయం. వాడుకలో దీనికి మాట ఉందా?

మేష్టారు, అనంతపురం: ‘పాతం’ అంటే పడటమే కదండీ, వర్షపాతం లాగా. ఇన్సిడెన్స్ అనే మాటకు లాటిన్ మూలంలోనూ ‘మీద పడటం’ అనే అర్థం. కరాపాతంలో తప్పేమీ లేదు. చెవికి కొత్తగా ఉందంతే.

హంద్రీ గట్టు: తప్పు లేదు గానీ అంత దూరం పోనక్కరలేదు. ప్రభుత్వం పన్ను వేస్తుంది. ఒకరు కడతారు. అది ఇంకొకరి మీద పడుతుంది. మూడు పనులకూ మూడు క్రియలు మన నోట్లో ఉన్నాయి. చట్టంలో రాసేది మొదటి రెండింటి సంగతే. మూడోది చట్టం చేతిలో ఉండదు, ధర చేతిలో ఉంటుంది. ‘పన్ను ఎవరి మీద పడింది’ అని రాయండి, అందరికీ అర్థమవుతుంది.

బుడ్డల మూట: ఇందులో చర్చేముంది? ఏ పన్నయినా చివరికి కొనేవాడి నెత్తినే. జీఎస్‌టీ చూడండి, దుకాణదారు కడతాడు, బిల్లులో మన దగ్గర వసూలు చేస్తాడు. ఉల్లిగడ్డ లేనిదే కూర కాదు కాబట్టి దాని మీద ఎంత వేసినా తినేవాళ్ళే మోస్తారు.

తక్‌పట్టీ: కర్నూలు మార్కెట్ యార్డుకు ఒకసారి వచ్చి చూడు అన్నా. మార్కెట్ ఫీజు కట్టేది కొన్న యాపారి. రైతుకిచ్చే లెక్క చీటీ, అదే తక్‌పట్టీలో, ఆ కటింగే కనపడదు. కానీ వేలం పాట పాడేటప్పుడే ఆ రూపాయి తగ్గించి పాడతాడు గదా. రైతుకు తెలీను కూడా తెలీదు.

బుడ్డల మూట: ఫీజు కొన్నవాడే కట్టాలని 1966 మార్కెట్ల చట్టంలోనే ఉంది. రైతు దగ్గర పట్టుకుంటే అది చట్టవిరుద్ధం.

హంద్రీ గట్టు: చట్టం మాట సరే. కొన్నవాడే కట్టాలి, కొన్నదెవరో తేలకపోతే అమ్మినవాడు. కానీ తక్‌పట్టీ అన్న చెప్పేది కటింగ్ గురించి కాదు, పాట గురించి. వ్యాపారి వెనక్కి లెక్క వేసుకుంటాడు. సరుకు అమ్మే ఊళ్ళో క్వింటాలు 2,400 పలుకుతుందనుకోండి. సంచులు, హమాలీ, లారీ బాడుగ, దారిలో తరుగు, తన మిగులు కలిపి 380. ఫీజు లేకపోతే 2,020 దాకా పాడగలడు. నూటికి రూపాయి చొప్పున ఫీజు సుమారు 20 ఉంటే 2,000 దగ్గర ఆగుతాడు. ఆ 20 తనే కట్టాడు, రసీదూ తన పేరునే ఉంది. తగ్గింది మాత్రం రైతుకు వచ్చిన ధర.

ఇప్పుడు బుడ్డల మూట గారి ఉల్లిగడ్డ వాదన. తినేవాడు ధర పెరిగినా పెద్దగా తగ్గించడు, నిజమే. కానీ కర్నూలు యార్డులో పాట పాడేది తినేవాడు కాదు. ఆ వ్యాపారికి రాయచూరు ఉంది, లాసల్‌గావ్ ఉంది. ఇక్కడ 20 రూపాయలు ఎక్కువైతే రేపు లారీ అటు పంపిస్తాడు. తినేవాడికి ఉల్లిగడ్డ తప్పదు గానీ, వ్యాపారికి కర్నూలు ఉల్లిగడ్డే కావాలని లేదు. పన్ను ఒక్క యార్డులో ఉన్నప్పుడు చూడాల్సింది ఆ యార్డు గిరాకీని. దేశమంతా ఒకేసారి వేస్తే అప్పుడు మీ మాట నిలుస్తుంది, ఎందుకంటే పారిపోవడానికి వేరే యార్డు ఉండదు.

దేవుని కడప: అంటే మొత్తం రైతు మీదే పడుతుందా? ‘వ్యాకోచత్వం’ అనే మాట మూలంలో పదేపదే వస్తోంది. అది లేకుండా చెప్పగలరా?

హంద్రీ గట్టు: ఆ మాట లేకుండానే లెక్క చేద్దాం. అంకెలు నేను అనుకున్నవి. ఫీజు లేనప్పుడు క్వింటాలు 2,000, రోజుకు అమ్మకం 4,000 క్వింటాళ్ళు. తమకు పడే ఖర్చు ఒక రూపాయి పెరిగితే వ్యాపారులంతా కలిసి 6 క్వింటాళ్ళు తక్కువ కొంటారు. తమ చేతికొచ్చేది ఒక రూపాయి తగ్గితే రైతులంతా కలిసి 2 క్వింటాళ్ళు తక్కువ తెస్తారు. వ్యాపారులు మూడింతలు చురుగ్గా కదులుతారన్నమాట.

ఇప్పుడు 20 రూపాయల ఫీజు పెట్టండి, పైసలు వదిలేద్దాం. వ్యాపారి ఖర్చు 5 పెరిగి 2,005 అవుతుంది, అతను కొనేది 30 క్వింటాళ్ళు తగ్గుతుంది. రైతు చేతికొచ్చేది 15 తగ్గి 1,985 అవుతుంది, అతను తెచ్చేదీ 30 తగ్గుతుంది. రెండు వైపులా 3,970 దగ్గర కలిశాయి. మధ్య తేడా సరిగ్గా 20. ఇంకెక్కడా కలవదు, కావాలంటే పది పది పంచి చూడండి: వ్యాపారులు 60 క్వింటాళ్ళు తగ్గిస్తారు, రైతులు 20 మాత్రమే తగ్గిస్తారు, యార్డులో 40 క్వింటాళ్ళు అమ్ముడుపోక మిగులుతాయి. ఆ మిగిలిన మూటలే మరుసటి పాటలో ధర దించుతాయి.

వ్యాపారి మూడింతలు కదిలాడు, రైతు మోసినదాంట్లో మూడో వంతే మోశాడు: 15కు 5. ఎంత కదలగలిగితే అంత తప్పించుకుంటారు. వ్యాకోచత్వమంటే ఇక్కడ ఇంతే.

బుడ్డల మూట: అయితే ఫీజు రైతు కట్టాలని చట్టం మార్చినా ఇంతేనా?

హంద్రీ గట్టు: ఇంతే. అప్పుడు పాట 2,005కు పోతుంది, రైతు అందులోంచి 20 కడతాడు, చేతికి 1,985. ఇప్పుడైతే పాట 1,985కే ఆగుతుంది, వ్యాపారి పైన 20 కడతాడు. తక్‌పట్టీ మీద అంకె మారుతుంది, జేబులో అంకె మారదు. దీనికొక షరతుంది. పాటలో పోటీ నిజంగా ఉండాలి, ధర ఎటైనా కదలగలగాలి. ప్రభుత్వం మద్దతు ధరకు కొనే చోట ధర కదలదు కాబట్టి ఎవరు కట్టాలని రాశారన్నది అక్కడ లెక్కలోకి వస్తుంది.

తక్‌పట్టీ: నీ లెక్కలో రైతు 2 క్వింటాళ్ళు తక్కువ తెస్తాడంటివి. తెల్లారి మూటలు దింపినంక ఏం తక్కువ తెస్తాడప్పా? బాడుగ ఇచ్చేసినాడు, మబ్బు పట్టుంది, వాపస్ తీసుకపోతే మళ్ళీ బాడుగ, ఇంటికాడ కుళ్ళుతుంది.

హంద్రీ గట్టు: మీరు పట్టుకున్నదే అసలు సంగతి. మూటలు దింపాక ఆ 2 అన్నది సున్నా అవుతుంది, అప్పుడు 20కి 20 రైతు మీదే. నేను చెప్పిన 15 సీజను లోపల, ‘ఈ వారం తవ్వాలా, ఇంకో వారం ఆగాలా’ అని ఎంచుకోగలిగిన రైతుకు. రెండు మూడేళ్ళకు చూస్తే అదే పొలంలో మొక్కజొన్నో పత్తో వేస్తాడు, యార్డుకొచ్చే ఉల్లిగడ్డ తగ్గుతుంది, పన్నులో రైతు వాటా ఇంకా తగ్గుతుంది. ఒకే పన్ను, ఒకే యార్డు, గడువును బట్టి మూడు జవాబులు. అందుకే ‘ఎవరి మీద పడింది’ అని అడిగేటప్పుడు ‘ఎన్నాళ్ళకు’ అని కూడా అడగాలి.

బుడ్డలయితే, అంటే వేరుశనగ అయితే, ఇంత గట్టిగా పడదు. ఎండిన కాయ ఇంట్లో కొన్నాళ్ళు ఆగుతుంది, ధర బాగాలేదంటే మూట కట్టి పెట్టుకోవచ్చు. అప్పులవాడు గడప దగ్గర నిలబడకపోతే, అదీ.

మేష్టారు, అనంతపురం: చిన్న సవరణ. బుడ్డలని కర్నూలు వైపే. మా వైపు చెనిక్కాయలు. ఎర్రగడ్డను ఉల్లిగడ్డ అనడం కూడా అలాంటిదే. చర్చకు అడ్డం రావడం లేదు, కొనసాగించండి.

అద్దె ఇల్లు: మా ఓనరు ఆస్తి పన్ను పెరిగిందని నెలకు 300 పెంచాడు. అంటే పన్ను నా మీద పడినట్టే కదా? ఇంతకూ పన్ను ఎవరు కట్టాలి, నేనా ఆయనా?

హంద్రీ గట్టు: కట్టాల్సింది ఎవరన్నది మీ అగ్రిమెంటులో ఉంటుంది, ఇక్కడి చర్చ అది కాదు. పడిందా అంటే, ‘పన్ను పెరిగింది’ అని ఆయన చెప్పడం సాక్ష్యం కాదు. 300 ఎక్కువిచ్చి ఆ ఇంట్లో దిగేవాళ్ళు ఉంటే పన్ను పెరగకముందే ఆ అద్దె అడిగేవాడు. వీధిలో ఇల్లు ఖాళీలుంటే మీరు మారిపోతారు, ఆయనేమో ఇల్లు ఎత్తుకుపోలేడు. కట్టేసిన ఇల్లు, దింపేసిన మూట ఒకలాంటివే. ఏళ్ళు గడిచి, కొత్త ఇళ్ళు కట్టడం తగ్గితే అప్పుడు అద్దెల్లోకి వస్తుంది.

అద్దె ఇల్లు: ఖాళీలు లేవు సార్. అదే బాధ.

మేష్టారు, అనంతపురం: ఇక్కడ నాకు అభ్యంతరం. చాలామంది ఓనర్లు అద్దె గట్టిగా అడగరు, మొహమాటం. పాత అద్దె బజారు ధర కంటే తక్కువే ఉంటుంది. పన్ను వాళ్ళకొక సాకు. అప్పుడు పెంచిన 300లో పన్నెంత, సాకెంత?

హంద్రీ గట్టు: దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. సూత్రం ప్రకారం పన్ను పెరగని ఇంకో కాలనీలో అద్దెలు కూడా అంతే పెరిగాయా అని చూడాలి. అక్కడా పెరిగితే పన్ను సాకే. ఉల్లిగడ్డకూ అదే పరీక్ష: ఫీజు మారిన యార్డునూ మారని యార్డునూ ఒకే రోజుల్లో, ఒకే గ్రేడు సరుకుకు పోల్చాలి. నిరుటి ధరతో ఈ ఏటి ధర పోలిస్తే వాన తేడాను పన్ను తేడా అనుకుంటాం. మేలురకం మూటనూ తడిసిన మూటనూ పక్కపక్కన పెట్టినా అదే పొరపాటు.

బుడ్డల మూట: సరే, ఒకటి అడుగుతా. 2023 ఆగస్టులో కేంద్రం ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేసింది. డిసెంబరులో ఎగుమతే ఆపేశారు, 2024 మేలో మళ్ళీ వదిలి 40 ఉంచారు, సెప్టెంబరులో 20 చేశారు, 2025 ఏప్రిల్ 1 నుంచి తీసేశారు. అది విదేశీ కొనుగోలుదారు మీద పడినట్టే కదా? మనకేం?

హంద్రీ గట్టు: విదేశీ కొనుగోలుదారుకు పాకిస్తాన్, ఈజిప్టు, చైనా సరుకు దొరికినంత కాలం అతని మీద తక్కువే పడుతుంది. మిగతాది ఎగుమతిదారు నాసిక్‌లో తక్కువకు పాడటంగా మారుతుంది. బయటికి పోని సరుకు లోపలి బజారుకు వస్తుంది, అక్కడ ధర దిగుతుంది. ఇక్కడ పన్ను మోసినవాడు రైతు, దాన్నుంచి లాభపడినవాడు మన ఊళ్ళో తినేవాడు. సుంకం వేసిన ఉద్దేశమూ అదే.

తక్‌పట్టీ: కర్నూలు గడ్డ ఎగుమతికి పోయేది తక్కువ గదా అన్నా, మనోళ్ళ మీద ఎందుకు పడుతుంది?

హంద్రీ గట్టు: నాసిక్ గడ్డ చెన్నైకి, హైదరాబాదుకు దిగితే మీ వ్యాపారి వెనక్కి లెక్కలో ఆ 2,400 అన్న అంకే పడిపోతుంది. ఎంత పడిందో చెప్పాలంటే గ్రేడు వారీగా రెండు చోట్ల రోజువారీ ధరలు కావాలి. పైగా ఆ ఏడాది వానలూ పంటా కూడా తేడాగానే ఉన్నాయి.

దేవుని కడప: ‘పన్ను పడటం’ అని క్రియగా బాగుంది. ‘ఇన్సిడెన్స్ ఈజ్ షేర్డ్’ దగ్గర మాత్రం తడబడుతున్నాను. ‘పడటం పంచుకోబడింది’ అని రాయలేను.

మేష్టారు, అనంతపురం: రాయకండి. ‘పన్ను ఇద్దరి మీదా పడింది, ముప్పావు వంతు రైతు మీద’ అనండి. నామవాచకం తప్పనిసరైన చోట ‘పన్ను మోత’ అనొచ్చేమో.

తక్‌పట్టీ: మోత అంటే మా యార్డులో హమాలీ కూలి సామీ. రైతు దాన్ని ఇంకో కటింగు అనుకుంటాడు.