వానకి ముందే ఆ చల్లగాలి ఎక్కడిది?

మురళీనగర్ గృహిణి: మొన్న సాయంత్రం ఉక్కపోతతో చచ్చిపోతున్నాం. కొండల వైపు ఉరిమింది, ఒక్క చినుకు కూడా పడకుండానే చల్లటి గాలి విసిరికొట్టింది. వాన ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. పైన ఉన్న చల్లగాలి కిందికి దిగుతుందని మావారు, నీళ్లు ఆవిరవడం వల్ల అని మా అబ్బాయి. ఎవరిది రైటు?

బీచ్‌రోడ్ వాకర్: ఇద్దరిదీ కాదమ్మా. అది సముద్రపు గాలి. నేను రోజూ ఆర్కే బీచ్‌లో నడుస్తాను, సాయంత్రం అయ్యేసరికి ఆ గాలి హాయిగా తగులుతుంది. ఎండ తగ్గి మబ్బు కమ్మింది కాబట్టి మీకు ఇంకా చల్లగా అనిపించి ఉంటుంది.

గాజువాక ఫిట్టర్: వాకర్ గారూ, ఆవిడ చెప్పేది కొండల వైపు నుంచి వచ్చిన గాలి గురించి. ఇందులో పెద్ద లెక్కేమీ లేదు. పైకి వెళ్లేకొద్దీ చలి, అరకు మనకన్నా చల్లగా ఉండేది అందుకే. చల్లగాలి బరువుగా ఉంటుంది. మబ్బు పగిలినప్పుడు వానతో పాటు పైనున్న ఆ గాలి కూడా కింద పడుతుంది. మీవారు అన్నదే కరెక్టు.

రిటైర్డ్ అబ్జర్వర్: నేను వాతావరణ శాఖలో చాలా ఏళ్లు, పైగాలి వేడి, తేమ కొలిచే బెలూన్ రీడింగులు తీసుకున్నవాణ్ని. ఫిట్టర్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. గాలి పైనుంచే వస్తుంది. కానీ పైన చల్లగా ఉన్నంత మాత్రాన కిందికి చేరేసరికి చల్లగా ఉండదు. అసలు చిక్కంతా ఇక్కడే.

మే నెలలో మన ఊరి మీద 4 కిలోమీటర్ల ఎత్తున గాలి సుమారు 5 డిగ్రీలు ఉంటుందనుకోండి. అది కిందికి దిగేకొద్దీ చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది, గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. నీటి ప్రమేయం లేకపోతే కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీల చొప్పున. అంటే 4 కిలోమీటర్లు దిగేసరికి 39 పెరిగి 44 డిగ్రీలు అవుతుంది. మురళీనగర్‌లో కొట్టాల్సింది చల్లగాలి కాదు, వడగాడ్పు. అసలు అంతవరకూ రాదు కూడా. కొంచెం దిగగానే చుట్టూ ఉన్న గాలికన్నా వేడెక్కి తేలికై ఆగిపోతుంది.

అలా కాకుండా కాపాడేది వాన. మబ్బులోంచి పడే చినుకులు ఆ దిగే గాలిలోనే ఆవిరవుతుంటాయి. కిలో గాలిలో ఒక గ్రాము నీరు ఆవిరైతే ఆ గాలి సుమారు రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఎనిమిది గ్రాములు ఆవిరైతే మనం చెప్పుకున్న 44 కాస్తా 24కి వస్తుంది. దిగుతున్నంతసేపూ ఒత్తిడి వేడెక్కిస్తుంటే ఆవిరవడం చల్లబరుస్తుంటుంది. చల్లబడేదే గెలిస్తే గాలి చుట్టూ ఉన్నదానికన్నా బరువుగా ఉండి నేల దాకా వస్తుంది. కాబట్టి అమ్మా, మీవారు చెప్పింది గాలి దారి, మీ అబ్బాయి చెప్పింది దాన్ని చల్లగా ఉంచిన కారణం.

అనంతపురం కుర్రాడు, ప్రస్తుతం మధురవాడ: సార్, నాకో సందేహం. మా ఊళ్లో ఎండాకాలం కూలర్ పెడితే గది చల్లబడిపోతుంది. అదే కూలర్ మధురవాడ తెస్తే ఇంకా జిగట తప్ప ఏం లేదు. ఇక్కడి గాలిలో ముందే ఆవిరి నిండి ఉంది కదా, వాన నీళ్లు మళ్లీ ఎక్కడ ఆవిరవుతాయి? వైజాగ్‌లో మీ లెక్క పని చేయకూడదు.

రిటైర్డ్ అబ్జర్వర్: మంచి ప్రశ్న బాబూ. అనంతపురంలో 40 డిగ్రీలు ఉండి గాలి పొడిగా ఉన్నరోజు, ఉన్నచోటే నీరు ఆవిరైనా 23 దాకా పడిపోవచ్చు. మబ్బు అడుగు కూడా ఎత్తున ఉంటుంది కాబట్టి చినుకుకి ఆవిరయ్యే దూరం బోలెడు. ఇక్కడ అలా కాదు. అందుకే వైజాగ్‌లో ఈ చల్లదనం నేల దగ్గరి గాలిలో పుట్టదు అంటాను. ఎవరి దగ్గరైనా ఆ రోజు రీడింగులు ఉంటే చూపించగలను.

ఎంవీపీ బాల్కనీ: నా దగ్గర ఉన్నాయి. మొక్కల కోసం డిజిటల్ మీటర్ ఒకటి బాల్కనీ నీడలో పెట్టాను. గాలి తిరగకముందు 34 డిగ్రీలు, తేమ 63 శాతం. గాలి తిరిగి పడమటి వైపు నుంచి కొట్టింది, దుమ్ము లేచింది. వాన జోరుగా పడుతున్నప్పుడు 25 డిగ్రీలు, తేమ 88 శాతం. ఫోన్‌లో బారోమీటర్ యాప్ కూడా ఉంది, 1004 నుంచి 1006కి పెరిగింది. వాన వస్తే ఒత్తిడి తగ్గాలి కదా అని ఆశ్చర్యపోయాను.

రిటైర్డ్ అబ్జర్వర్: చాలా థాంక్స్ అండీ, కావలసినవన్నీ ఇందులోనే ఉన్నాయి.

34 డిగ్రీలు, 63 శాతం అంటే కిలో గాలిలో 21 గ్రాములకు పైనే ఆవిరి ఉంది. ఆ గాలిలోకి ఎంత నీరు ఆవిరి చేసినా 28 డిగ్రీల దగ్గర ఆగిపోవాలి. అక్కడికి నూరు శాతం తేమ నిండిపోతుంది, ఇక చల్లబడే దారి లేదు. కూలర్ గురించి ఆ అబ్బాయి అన్నది ఇదే. కానీ మీ మీటర్ 25 చూపించింది.

ఇంకా ముఖ్యమైనది రెండో రీడింగు. 25 డిగ్రీలు, 88 శాతం అంటే సుమారు 18 గ్రాముల ఆవిరి. శాతం పెరిగింది గానీ ఆవిరి తగ్గింది! జోరున వాన పడుతుంటే గాలిలో ఆవిరి మూడు గ్రాములు తగ్గడమేమిటి? అక్కడున్న గాలే చల్లబడి ఉంటే ఆవిరి పెరగాలి. తగ్గిందంటే గాలే మారిపోయింది. నేల దగ్గరి ఉక్క గాలిని పక్కకు నెట్టి, ఆవిరి తక్కువ ఉన్న పైగాలి వచ్చి కూర్చుంది. పైన పొడిగా ఉంది కాబట్టే చినుకులు ఆవిరయ్యే చోటు అక్కడ దొరికింది.

ఒత్తిడి పెరగడమూ అందుకే. తొమ్మిది డిగ్రీలు చల్లగా ఉన్న గాలి సుమారు మూడు శాతం బరువు ఎక్కువ. అది కిలోమీటరు మందాన ఊరి మీద పరుచుకుంటే బారోమీటర్ రెండు మిల్లీబార్లు లేవడం సహజం.

గాజువాక ఫిట్టర్: ఆ చిన్న మీటర్లని నమ్మి ఇంత లెక్క చేస్తే ఎలా సార్? ఐదు శాతం అటూ ఇటూ చూపిస్తాయి. పైగా గాలి దిగడానికి ఆవిరి ఎందుకు, అంత నీరు కింద పడుతుంటే గాలిని ఈడ్చుకురాదా? వడగళ్లు పడిన రోజు చలి ఇంకా ఎక్కువ. అవి కరగడం లెక్కలోకి రాదా?

రిటైర్డ్ అబ్జర్వర్: మీటర్ తప్పే చూపించిందనుకుందాం. 25 డిగ్రీల దగ్గర తేమ నూరు శాతం ఉన్నా ఆ గాలిలో పట్టేది 20 గ్రాములే. 21కి చేరదు. కాబట్టి ఆ సందేహం ఫలితాన్ని మార్చదు. మీటర్ బాల్కనీ గోడ వేడికి దగ్గరగా ఉంటే ముందు రీడింగు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు, అది ఒప్పుకుంటాను.

ఈడ్చుకురావడం మాత్రం మీరన్నట్టే ఉంది. చాలాసార్లు గాలి దిగడం మొదలయ్యేది ఆ నీటి బరువుతోనే. కానీ ఉత్త బరువుతో లాక్కొస్తే గాలి దారిలో వేడెక్కాలి కదా, చల్లదనానికి అది చాలదు. వడగళ్లు కరగడం కూడా చల్లబరుస్తుంది. అయితే కిలో మంచు కరగడానికి పట్టే వేడి, కిలో నీరు ఆవిరి కావడానికి పట్టే దానిలో ఏడో వంతుకన్నా తక్కువ. వడగళ్ల వాన రోజు ఆ వాటా బాగానే కనబడుతుంది, మామూలు రోజు పెద్ద భాగం ఆవిరిదే.

గాజువాక ఫిట్టర్: బరువు వాటా మీరు తక్కువ చేస్తున్నారనే నా అభిప్రాయం. చెట్లు పడేసేంత గాలి ఉత్త ఆవిరితో రాదు.

రిటైర్డ్ అబ్జర్వర్: ప్రతి మబ్బుకీ ఆ వాటా ఒకేలా ఉండదండీ. మొన్నటి మబ్బులో ఎంత అనేది బాల్కనీ రీడింగుతో తేల్చలేం.

వాకర్ గారికి ఒక మాట. సముద్రపు గాలి మన ఊరికి తూర్పు, ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది, అది మొదలయ్యేది మధ్యాహ్నానికి ముందే. మేలో బంగాళాఖాతం నీళ్లే 29, 30 డిగ్రీలు ఉంటాయి. ఆ నీళ్ల మీదుగా వచ్చిన గాలి 25 డిగ్రీలకి దిగదు. ఎటు నుంచి కొట్టిందో చూస్తే ఈ రెండూ విడిపోతాయి.

జాలరిపేట పడవ: మాకు ఈ గాలితో టెన్షన్ చల్లదనం గురించి కాదు. సెప్టెంబరులో ఓసారి చిన్న పడవ మీద ఉన్నాం, ఒడ్డు వైపు దూరంగా నల్లమబ్బు. మా నెత్తిన ఆకాశం బాగానే ఉంది. ఉన్నట్టుండి ఒడ్డు నుంచి చల్లగాలి ఊడిపడింది, నీళ్ల మీద ముడతలు పరిగెత్తుకుంటూ వచ్చాయి, పడవ వాలిపోయింది. ఆ రోజు మా మీద చినుకే పడలేదు. వాన లేకుండా ఆ గాలి ఎలా వచ్చింది గురువుగారూ?

రిటైర్డ్ అబ్జర్వర్: వాన పడింది, మీ మీద కాదంతే. పైనుంచి దిగిన గాలి నేలకి తగిలాక ఇంకా కిందికి పోలేదు, నాలుగు పక్కలకీ పరుచుకుంటుంది. బరువుగా ఉంటుంది కాబట్టి తేలిక గాలి కిందికి దూరి ముందుకు తోసుకుపోతుంది. సెకనుకి పది మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేగంతో. వాన మాత్రం మబ్బుతో పాటే నింపాదిగా వస్తుంది. మురళీనగర్‌లో గాలికీ వానకీ మధ్య వచ్చిన తేడా ఇదే. మీ విషయంలో గాలి పది, ఇరవై కిలోమీటర్లు మబ్బుని వదిలి వచ్చేసి ఉంటుంది. కైలాసగిరి మీద రాడార్‌లో ఒక్కోసారి ఈ గాలి అంచు సన్నటి వంపు గీతలా కనబడుతుంది, వాన లేని చోట కూడా. రాడార్ పట్టే పురుగులూ దుమ్మే అందులో ఎక్కువ. మీరు నీళ్ల మీద ముడతలు చూసింది ఆ అంచునే. దాని వెనకాలే గాలి బలంగా ఉంటుంది కాబట్టి ముడతలు కనబడగానే తెరచాప దించేయడం మంచిది.

అనంతపురం కుర్రాడు, ప్రస్తుతం మధురవాడ: అయితే జూలైలో అల్పపీడనం పట్టి రోజంతా వాన పడినప్పుడు ఇలా ఒక్కసారిగా ఎందుకు చల్లబడదు? అప్పుడూ వానే కదా.

రిటైర్డ్ అబ్జర్వర్: అప్పుడు పైన కూడా గాలి తడిగానే ఉంటుంది, చాలా ఎత్తు దాకా. చినుకు ఆవిరవడానికి చోటు దొరకదు, గాలి బలంగా దిగదు. మబ్బు కమ్మి మెల్లగా చల్లబడుతుందే గానీ దెబ్బ కొట్టినట్టు రాదు. మే సాయంత్రం కింద ఉక్క, పైన పొడి ఉంటాయి. ఆ రెండూ కలిసినప్పుడే ఇది జోరుగా ఉంటుంది.

ఎంవీపీ బాల్కనీ: అయితే ఆ గాలి సరిగ్గా ఎంత ఎత్తు నుంచి దిగిందో నా రీడింగుతో చెప్పగలరా?

రిటైర్డ్ అబ్జర్వర్: చెప్పలేను. నేరుగా 4 కిలోమీటర్ల నుంచి దిగి ఉంటే, పైన ఉన్న నాలుగైదు గ్రాములకి దారిలో చేరిన ఎనిమిది కలిపి 12, 13 గ్రాములు ఉండాలి. మీకు 18 వచ్చాయి. గాలి రెండు కిలోమీటర్ల నుంచే దిగి ఉండొచ్చు, లేదా ఇంకా పైనుంచి వచ్చి దారిలో తడిగాలితో కలిసి ఉండొచ్చు. ఆ రోజు సాయంత్రం ఐదున్నర బెలూన్ రీడింగు పక్కన పెట్టి చూస్తే ఏ ఎత్తున గాలి ఎంత పొడిగా ఉందో తెలుస్తుంది. అప్పుడు కూడా ఈ రెండింటిలో ఒకటి కొట్టేయగలమో లేదో చూడాలి.

గాజువాక ఫిట్టర్: ఆ రీడింగు దొరికితే ఇక్కడే పెట్టండి సార్. నీటి బరువు సంగతి కూడా అప్పుడే మాట్లాడదాం.