తహసీల్దారుకు రాసే అర్జీలో ‘మీరు’ చాలదా, ‘తమరు’ అనాల్సిందేనా?

పెన్నాతీరం:
మా నాన్న పాస్‌బుక్‌లో 20 సెంట్లు తక్కువ పడింది. తహసీల్దారు గారికి వాట్సాప్‌లో ఇలా పెట్టాను: “సార్, మా నాన్న పాస్‌బుక్‌లో 20 సెంట్లు తక్కువ చూపిస్తోంది. వీఆర్వో దగ్గరికి చాలాసార్లు వెళ్ళాడు. రేపు రా అంటున్నాడు. కొంచెం చూడండి.” కాగితం మీద అర్జీ ఇమ్మన్నారు. అందులో ‘మీరు’ అనాలా, ‘తమరు’ అనాలా? చివర ‘చూడగలరు’ అంటే సరిపోతుందా?

గోదారిగట్టు:
‘తమరు’ అనే రాయండి. అంత పెద్ద అధికారిని ‘మీరు’ అంటే పక్కింటాయనతో మాట్లాడినట్టుంటుంది. ‘చూడండి’ కూడా పురమాయించినట్టే ఉంది. ‘తమరు మా సమస్యను పరిష్కరించవలెను’ అని ముగించండి. గ్రాంథికంలో రాస్తే గౌరవం దానంతటదే వస్తుంది.

పాతఫైలు:
కలెక్టరేట్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. వట్టి ‘చూడండి’ అర్జీకి చాలదన్న మాట నిజమే. కానీ ‘వలెను’ మాత్రం పెట్టకండి. ‘వివరణ సమర్పించవలెను’, ‘హాజరు కావలెను’ అంటూ పైనుంచి కిందికి వచ్చే మెమోల్లో ఉండే ముగింపు అది. పాత వాసన వేస్తుంది కాబట్టి మర్యాద అనిపిస్తుంది గానీ, చదివే అధికారికి అది హుకుం. ‘పరిష్కరించవలసిందిగా కోరుతున్నాను’ అంటే అదే మాట విన్నపం అవుతుంది.

‘చూడగలరు’ అని ఆపేస్తే ఆయనకు చూసే శక్తి ఉందని చెప్పినట్టూ ఉంటుంది. వాడుకలో ఉన్నదే కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. ‘చూడగలరని మనవి’ అంటే ఆ కొంచెం అనుమానమూ ఉండదు.

ఇక ‘తమరు’. తప్పు కాదు, కానీ మీ అర్జీలో వీఆర్వో కూడా ఉన్నారు. ‘వీఆర్వో గారు తమ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వమన్నారు’ అని రాశారనుకోండి. ఎవరి కార్యాలయం? వీఆర్వో కూర్చునే సచివాలయమా, తహసీల్దారు ఆఫీసా? ‘మీ కార్యాలయంలో’ అంటే ఈ పేచీ ఉండదు. అందుకే నా ఓటు ‘మీరు’కే.

గోదారిగట్టు:
‘వలెను’ సంగతి ఒప్పుకుంటాను. ‘తమరు’ మాత్రం వదలను. ‘గ్రామ సచివాలయంలో ఇవ్వమన్నారు’ అని ఆఫీసు పేరే రాస్తే సరిపోయె! ఇంకోటి, పని చేయకుండా తిప్పించుకుంటున్న వీఆర్వోకి ‘గారు’ ఎందుకండీ?

పాతఫైలు:
పేరు రాస్తే సరిపోతుంది, నిజమే. అయితే మొదటి పేరాలో ‘తమరు’, రెండో పేరాలో ‘మీ దృష్టికి’ అని రాకుండా చూసుకోవాలి. నేను చూసిన అర్జీల్లో ఎక్కువగా తడబడేది అక్కడే.

వీఆర్వోకి ‘గారు’ లేకపోయినా పరవాలేదు, క్రియలో ‘-ారు’ ఉండాలి. పేపర్లో ‘తహసీల్దారు తెలిపారు’ అనే రాస్తారు. గౌరవమంతా ఆ క్రియలోనే ఉంది. పైగా మీ అర్జీని తహసీల్దారు చాలావరకు రిపోర్టు కోసం ఆ వీఆర్వోకే పంపుతారు. ‘అంటున్నాడు’ అన్న మాట ఆయన కూడా చదువుతారు.

పెన్నాతీరం గారి మెసేజ్‌లో ‘వెళ్ళాడు’, ‘అంటున్నాడు’ వెంటవెంటనే ఉన్నాయి. ఒకటి నాన్నది, ఒకటి వీఆర్వోది. రెండింటినీ ‘-ారు’ చేసినా ఎవరు ఎవరో తేలదు. అక్కడ మనిషిని మళ్ళీ చెప్పాలి.

బడిగంట:
నాదీ ఇలాంటి సమస్యే. డీఈవో మేడమ్ గారికి సెలవు పొడిగింపు రాయాలి. మా స్టాఫ్‌రూమ్‌లో ‘మేడమ్ చెప్పింది’ అనే అంటాం, కాగితం మీద ‘చెప్పారు’ అని రాస్తాను. ‘సెలవు ఇప్పించగలరు’ అని అందరూ రాస్తారు కదా, అది సరైనదేనా?

పాతఫైలు:
అమ్మా, ‘ఇప్పించు’ అంటే వేరొకరి చేత ఇచ్చేలా చేయడం. మర్యాద కోసం అలా రాయడం ఎప్పటినుంచో ఉంది. మంజూరు చేసేది ఆవిడే అయితే ‘సెలవు మంజూరు చేయవలసిందిగా’ అంటే నేరుగా ఉంటుంది. పెన్నాతీరం గారి విషయం వేరు. కొలిచేది సర్వేయరు, చేయించేది తహసీల్దారు. అక్కడ ‘సరిచేయించు’ అన్నదే సరైన మాట. నేనైతే ఇలా రాస్తాను:

“మా నాన్నగారి పట్టాదారు పాస్‌పుస్తకంలో భూమి విస్తీర్ణం 20 సెంట్లు తక్కువగా నమోదైంది. దీని గురించి నాన్నగారు గ్రామ రెవెన్యూ అధికారిని పలుమార్లు కలిశారు. ఆ అధికారి మళ్ళీ రమ్మంటున్నారే తప్ప ఇంతవరకు పని కాలేదు. మీరు రికార్డులు పరిశీలించి, అవసరమైతే సర్వే జరిపించి, విస్తీర్ణం సరిచేయించవలసిందిగా కోరుతున్నాను.”

పెన్నాతీరం:
చాలా థాంక్స్ మాస్టారూ. ‘రేపు రా’ అని ఆయన ఏకవచనంలో అన్నదే నాన్నకు ఎక్కువ బాధ. ‘రమ్మంటున్నారు’ అంటే అది పోయింది. కొటేషన్లో ఉంచొచ్చా?

గోదారిగట్టు:
ఉంచండి. జరిగింది జరిగినట్టు చెప్పాలి.

పాతఫైలు:
నేను ఉంచను. అడుగుతున్నది సెంట్ల గురించి. ప్రవర్తన మీద ఫిర్యాదు ఇవ్వాలంటే అది వేరే కాగితం. ఇంకో మాట, పట్టాదారు నాన్నగారే కాబట్టి సంతకం ఆయనదైతే మేలు. అప్పుడు ‘మా నాన్నగారు కలిశారు’ పోయి ‘నేను కలిశాను’ వస్తుంది. చివర ‘ఇట్లు, మీ విధేయుడు’ అని రాయండి.

పెన్నాతీరం:
సంతకం నాన్నదే. ఆయనకు చదివి వినిపిస్తే అంతా బాగుందన్నారు గానీ, ‘మీరు’ తీసేసి ‘తమరు’ పెట్టమంటున్నారు.